కథ: గళ్ళ నోటుబుక్కు (ఓటీ లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూడండి)

వసుధ_క

చిన్న కథ పెడుతున్నాను. భాష గురించి ఎలాగూ తిడతారు, అలవాటైపోయింది. ఈసారి లెక్క కూడా చూడండి. షాపుల్లో పనిచేసినవాళ్ళని అడిగి రాశాను కానీ ఎక్కడైనా తేడా కొడుతుందేమోనని టెన్షన్. ఊరు పేరు, డబ్బు లెక్క కావాలనే పెట్టలేదు. అంతా గంటల్లోనే.

మురళి డ్యూటీ పొద్దున 10 నుంచి సాయంత్రం 7 దాకా. మధ్యలో గంట భోజనం. అది తీసేస్తే రోజుకి 8 గంటలు, ఆరు రోజులకి 48. నాలుగు వారాలకోసారి చేతికొచ్చే స్లిప్పులో చివరి వరసలో "ఓటీ 9" అని ఉంది.

"తక్కువేసినట్టున్నారు," అన్నాడు మురళి.

"ఎంతుండాలి?" అన్నాడు పక్క కౌంటర్ రామ్మూర్తి.

మురళికి జవాబు దొరకలేదు. ఆ రాత్రే చొక్కా జేబులో పట్టే గళ్ళ నోటుబుక్కు కొన్నాడు.

మొదట్లో "లేటు", "బాగా లేటు" అని రాసుకున్నాడు. రామ్మూర్తి చూసి నవ్వాడు. "ఇదేం డైరీరా? ఎన్నింటికి వదిలారు, ఎందుకు ఆపారు, అది రాయి." దాంతో గళ్ళమీద గీతలు కొట్టాడు. వచ్చింది, వెళ్ళింది, భోజనం, ఎందుకు. షట్టర్ దాటి బయట కాలుపెట్టగానే రాసేవాడు, ఇంటికెళ్ళాక కాదు.

శనివారం ఏడింటికి షట్టర్ సగం దించారు. లోపల ఇంకా ముగ్గురు కస్టమర్లు. ట్రయల్ రూమ్ బయట విడిచేసిన బట్టలు కుప్ప. అవన్నీ మడతపెట్టి ర్యాకుల్లో సర్దేసరికి గల్లా దగ్గర లెక్క తేలలేదని కేక వినిపించింది. బిల్లులు రెండుసార్లు కలిపారు. బయటపడేసరికి 8:15. వీధిదీపం కింద నిలబడి మురళి ఆ వరస నింపాడు.

నాలుగు వారాల తర్వాత మళ్ళీ "ఓటీ 9". నోటుబుక్కులో మాత్రం 22.

అకౌంటెంట్‌ని బతిమాలి రోజువారీ పంచింగ్ కాగితం తీసుకున్నాడు. స్టాక్ రూమ్‌లో అట్టపెట్టె మీద రెండూ పక్కపక్కన పెట్టుకుని మొదటి వారం చూశాడు. సోమవారం 7:20, కాగితంలో ఓటీ సున్నా. మంగళవారం 7:25, సున్నా. బుధవారం 7:40, అరగంట. గురువారం 7:15, సున్నా. శుక్రవారం 7:50, అరగంట. శనివారం 8:15, గంట. వేలితో గీతలు వెంబడి పోతూ పోతూ ఆగాడు. మెషీన్‌కి నిండు అరగంటలే తెలుసు. మిగిలినవన్నీ రాలిపోతున్నాయి.

సాయంత్రాలే 3 గంటల 45 నిమిషాలు. కట్టింది 2 గంటలు.

తర్వాత పొద్దుటి గడి చూశాడు. రోజూ 9:45. షట్టర్ ఎత్తి, ఊడ్చి, లైట్లు వేసేది అతనే. కాగితంలో మాత్రం రోజూ 10:00. వారానికి గంటన్నర. శుక్ర, శనివారాల్లో భోజనం మధ్యలో కౌంటర్‌కి పిలిచారు, రెండు రోజులవీ కలిపి 45 నిమిషాలు. కాగితంలో భోజనం నిండు గంటే. వారంలో అదనంగా చేసింది 6 గంటలు, కట్టింది 2.

"మెషీన్ అలాగే తీసుకుంటుందయ్యా," అన్నాడు అకౌంటెంట్. ఓనరు నోటుబుక్కు చేతిలోకి తీసుకుని నాలుగు పేజీలు తిప్పాడు.

"అసలు నిన్ను ఉండమన్నదెవరు?"

మురళి శనివారం వరస తీసి, ఎందుకు అన్న గడి మీద వేలు పెట్టి చదివాడు. "గల్లా తేలలేదు. ఓనరుగారు ఆగమన్నారు."

(అయిపోయింది. ఇక మొదలుపెట్టండి.)

స్టాక్‌రూమ్ శీను

వసుధ గారూ, చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. మీ ఓనరు ఇంత అన్యాయం చేస్తుంటే కథలు రాస్తూ కూర్చున్నారా? వెంటనే లేబర్ ఆఫీసుకి వెళ్ళండి. నోటుబుక్కు ఒరిజినల్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు, ఫోటోలు తీసి పెట్టుకోండి.

వసుధ_క

శీను గారూ, ఇది కథేనండీ. నేను బడిలో పాఠాలు చెప్పుకుంటాను. ఫోటోల సలహా మాత్రం బాగుంది. మురళి నోటుబుక్కు నేరుగా ఓనరు చేతిలో పెట్టాడు, నాకు తట్టనేలేదు.

లెక్కల రాయుడు

కథ సంగతి నాకు తెలీదు, లెక్క వరకు చెప్తాను. కూడికలు కరెక్టే. 225 నిమిషాలు, 90, 45, మొత్తం 360. కానీ మూడు మాటలు. వారానికి 6 అయితే నాలుగు వారాలకి 24 కదా, 22 ఎలా వచ్చింది? రెండోది, రోజుకి 8 దాటిన ప్రతి నిమిషమూ ఎక్కడైనా డబుల్ ఓటీయే, ఆ ఊసే లేదు. మూడోది, పొద్దున 15 నిమిషాలు ముందు రావడం పనెలా అవుతుంది? బస్సు తొందరగా వస్తే నేనూ ముందే వెళ్తాను.

పాతగుమాస్తా

చాలా ఏళ్ళు జీతాల రిజిస్టర్లు రాసినవాణ్ణి. రాయుడు గారి మూడు మాటల్లో మూడోది సగం నిజం, మొదటి రెండూ కావు.

ముందు 24 సంగతి. ఒక వారం కట్టి నాలుగుతో గుణించడమే ఇలాంటి గొడవల్లో జనం చేసే పెద్ద పొరపాటు. అన్ని వారాలూ ఒకేలా ఉండవు. రష్ లేని వారం తొందరగా వదిలేస్తారు. గుణించి 24 అని వెళ్తే, ఓనరు ఆ ఖాళీ వారం పంచింగ్ తీసి చూపిస్తాడు. అక్కడితో మిగతా 22 కూడా అబద్ధంలా కనిపిస్తుంది. మురళి ఏ వారానికా వారం కలిపి 22 అన్నాడు, అదే బలం. వసుధ గారూ, దాన్ని కదపకండి.

ఇక పొద్దున. బస్సు తొందరగా వచ్చి బయట నిలబడితే అది పని కాదు, ఒప్పుకుంటాను. షట్టర్ ఎత్తి ఊడిస్తే పనే. తేడా ఏం చేశాడన్న దాంట్లో ఉంది. కథలో "షట్టర్ ఎత్తి, ఊడ్చి, లైట్లు వేసేది అతనే" అన్నారు కాబట్టి సరిపోయింది. కానీ అది నోటుబుక్కులో కూడా ఉండాలి. 9:45 అని అంకె ఒక్కటే ఉంటే రాయుడు గారి ప్రశ్నే ఓనరూ అడుగుతాడు.

ఇందులో అసలు దొంగ అరగంటల సర్దుబాటు. సర్దుబాటు దానంతటది తప్పు కాదు. దగ్గర్లో ఉన్న అరగంటకి సర్దితే 7:20 కాస్తా 7:30 అవుతుంది, 7:40 కూడా 7:30 అవుతుంది. ఒకరోజు మనకి లాభం, ఒకరోజు వాళ్ళకి. నెల మీద దాదాపు సరిపోతుంది. ఇక్కడ పొద్దున రాక ముందుకి జరుగుతోంది, సాయంత్రం పోక వెనక్కి జరుగుతోంది. రెండు వైపులా ఒకడికే నష్టం. పట్టుకోవడం ఎలాగంటే, పంచింగ్ నిమిషానికీ కట్టిన నిమిషానికీ తేడా రోజూ రాయండి. ఒక్క రోజు కూడా పనివాడికి లాభం రాలేదంటే అది సర్దుబాటు కాదు, కోత.

ఇలాంటి కేసే 1946లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, మౌంట్ క్లెమెన్స్ కుండల ఫ్యాక్టరీ కేసు. అక్కడ కార్డు పంచ్ చేశాక వచ్చే పావుగంట నుంచి లెక్క మొదలుపెట్టేవారు, వెళ్ళేటప్పుడు పంచ్‌కి ముందున్న పావుగంట దగ్గర ఆపేసేవారు. కోర్టు చెప్పిన ముఖ్యమైన మాట ఏంటంటే, యజమాని సరైన లెక్క పెట్టనప్పుడు పనివాడు నిమిషాలతో సహా నిరూపించనక్కర్లేదు, నమ్మదగ్గ అంచనా చూపిస్తే చాలు, కాదని చూపించే భారం యజమానిదే. మరీ చిల్లర నిమిషాలు వదిలేయొచ్చని కూడా అదే తీర్పులో ఉంది. మరుసటి ఏడాదే అక్కడి ప్రభుత్వం చట్టం తెచ్చి నడక, తయారీ లాంటి సమయాల క్లెయిములు బాగా తగ్గించేసింది, అది వేరే కథ. అది వాళ్ళ దేశం చట్టం, అందరికీ వర్తించదు. కానీ వాదన తీరు ఎక్కడైనా ఇదే.

లెక్కల రాయుడు

డబుల్ సంగతి దాటేశారు.

పాతగుమాస్తా

దాటెయ్యలేదు, వస్తున్నా. "ఎక్కడైనా డబుల్" అన్నది కాదు. దేశాన్ని బట్టి, చట్టాన్ని బట్టి మారుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో దుకాణాలు, ఆఫీసుల పనిగంటల మీద 30వ ఒప్పందం చేసింది. రోజుకి 8, వారానికి 48. అందులోనే వారం గంటలు దాటకుండా ఒక్కో రోజుని 10 దాకా సర్దుకోవచ్చని ఉంది. అంటే 8 దాటగానే ఓటీ అనడానికి లేదు, ఆ వారంలో మరో రోజు తగ్గించారా అని చూడాలి. మురళికి ఏ రోజూ తగ్గించలేదు కాబట్టి 48 పైన చేసిన 6 గంటలూ అదనమే. అదనపు గంటలకి ఆ ఒప్పందం పెట్టిన కనీసం ఒకటింబావు రెట్లు. చాలాచోట్ల ఒకటిన్నర, రెండు రెట్లు కూడా ఉంటాయి. ఒప్పందాన్ని అంగీకరించిన దేశాలకే అది కట్టుబాటు.

ఇప్పుడు వసుధ గారు వదిలేసిన సంగతి. కట్టిన 2 గంటలకి ఏ రేటు వేశారు? మామూలు రేటే వేసి ఉంటే లోటు 4 గంటలు కాదు. ఒకటింబావు చొప్పున 6 గంటలకి రావాల్సింది ఏడున్నర గంటల జీతం. ఇచ్చింది రెండు గంటలది. లోటు ఐదున్నర. గంటల లోటు వేరు, జీతం లోటు వేరు. జనం మొదటిది పట్టుకుని రెండోది వదిలేస్తారు.

వసుధ_క

అబ్బ, ఇది నాకు తట్టలేదు. కానీ కథలో రెండూ పెడితే చదివేవాళ్ళు పారిపోతారేమో.

పాతగుమాస్తా

పెట్టకండి. రామ్మూర్తి చేత ఒక్క మాట అనిపించండి, "ఏ రేటేశారో చూశావా?" అని. చాలు.

నిశి

కథ బాగుంది. నాదో డౌట్, కథకి సంబంధం లేదు, ఏమనుకోకండి. నేను మందుల షాపులో చేస్తాను. వారంలో రెండు మూడు రాత్రులు స్టాక్ బండి రావాలి. షాపు మూసేశాక బండి వచ్చేదాకా ఒకరు ఉండాలి. నేనే ఉంటాను, దూరం నుంచి వచ్చేవాళ్ళని ఆపలేరు కదా. బండి ఒక్కోసారి గంట ఆలస్యం. సార్ అంటారు, "ఆ గంట నువ్వు కూర్చునే ఉన్నావు కదమ్మా, ఫోన్ చూసుకుంటూ. పెట్టెలు దించిన పది నిమిషాలే పని." నాకూ అదే నిజమేమో అనిపిస్తుంది. నిజంగానే ఫోన్ చూస్తాను.

స్టాక్‌రూమ్ శీను

నిశి గారూ, మీరైనా కథ కాదు కదా? లేబర్ ఆఫీసుకి వెళ్ళండి.

పాతగుమాస్తా

శీను గారు తొందరపడుతున్నారు, ముందు ఇది చూడండి. నేను చెప్పిన 30వ ఒప్పందంలోనే పనిగంటలంటే ఏంటో రాశారు, యజమాని అవసరానికి అందుబాటులో ఉన్న సమయమంతా. అలా అందుబాటులో ఉండనక్కర్లేని విరామం మాత్రమే లెక్కలోకి రాదు. చేతులు ఆడాయా లేదా అన్నది కాదు కొలత. అమ్మా, మీరు ఆ గంట షాపుకి తాళం వేసి ఇంటికెళ్ళి రావచ్చా? వెళ్ళకూడదంటే ఆ సమయం వాళ్ళదే. మీరు ఫోన్ చూశారో పుస్తకం చదివారో అనవసరం.

మురళి భోజనం గంట కూడా ఇదే కొలత. కౌంటర్ పిలుపు వినపడేచోటే తిని, పిలిస్తే లేవాలంటే ఆ గంటలో ఎంత విరామం అన్నది వాదించదగ్గదే. వసుధ గారు జాగ్రత్తగా పిలిచిన నిమిషాలే తీసుకున్నారు. నేనైనా అంతే తీసుకుంటాను.

నిశి

తాళం వేసి వెళ్ళడానికి లేదండీ. బండి డ్రైవర్ ఫోన్ చేయడు, వచ్చి హారన్ కొడతాడు.

కౌంటర్ పద్మ

అందరూ పనివాళ్ళ వైపే మాట్లాడుతున్నారు, నేను అవతలి కుర్చీ నుంచి చెప్తాను. షాపు మేనేజర్‌ని. ఇలాంటి నోటుబుక్కులు నా టేబుల్ మీదికొచ్చాయి. కొన్ని చూడగానే తేలిపోతాయి. నెలంతా ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, ప్రతి రోజూ 7:30, 8:00, 8:30. ఒక్క రోజు కూడా టైముకి వెళ్ళలేదు, ఒక్క రోజు కూడా లేటుగా రాలేదు. అది ఒక్క రాత్రి కూర్చుని రాసిన పుస్తకం.

నేను నమ్మిన పుస్తకం ఒకటి ఉంది. అందులో "ఈరోజు నేను 20 నిమిషాలు లేటు, బండి పంక్చర్" అని రాసుంది. ఓటీ లేని రోజుకి సున్నా ఉంది. తప్పు రాసినచోట కొట్టేసి పక్కన రాశాడు, పాత అంకె కనిపిస్తూనే ఉంది. తనకి నష్టమైనది కూడా రాసుకున్నవాణ్ణి నేను ఎలా కొట్టిపారేస్తాను? మీ మురళి నోటుబుక్కులో అలాంటి వరస ఒక్కటీ లేదు. ఒకరోజు ఆలస్యంగా రానివ్వండి, పుస్తకం విలువ పెరుగుతుంది.

ఇంకోటి. చివరి బిల్లు మీద టైము ముద్రపడుతుంది. శనివారం చివరి బిల్లు 7:35 అని ఉంటే, మురళి 8:15 అన్నది నమ్మబుద్ధేస్తుంది. బిల్లు తర్వాత గల్లా, మడతలు ఎలాగూ ఉంటాయి. 6:50 అయితే మాత్రం ఆ తర్వాత గంటన్నర ఏం చేశావని అడుగుతాను. మన పుస్తకం మన చేతిలోది, బిల్లు మెషీన్ మన చేతిలోది కాదు. రెండూ కలిసినచోట వాదన ఉండదు.

లెక్కల రాయుడు

పద్మ గారూ, ఆ లేటు 20 నిమిషాలు ఓటీలోంచి తీసేయాలా మరి? లేదంటే ఆ వారం 48 నిండలేదు కదా.

కౌంటర్ పద్మ

మా దగ్గర వారం మొత్తం మీద చూస్తే తీసేస్తాం. రోజు మీద లెక్కకట్టే చోట తీయరు. ఏ పద్ధతైనా ఒకటే ఉండాలి. లేటుకి వారం లెక్క, ఓటీకి రోజు లెక్క అంటే నేనే ఒప్పుకోను, రెండు వైపుల నుంచీ.

పాతగుమాస్తా

పద్మ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను, నాకు అరుదుగా జరిగే పని.

గంట రేటు దగ్గర ఒక మెలిక ఉంది, అది కూడా చెప్పేస్తాను. నెల జీతాన్ని గంటకి మార్చేటప్పుడు దేనితో భాగించారో చూడాలి. వారానికి ఆరు రోజుల పనైతే ఏడాదికి 312 రోజులు, నెలకి సగటున 26. రోజుకి 8 చొప్పున 208 గంటలు. కొందరు 30 రోజులతో భాగిస్తారు, అప్పుడు 240. అదే జీతం, కానీ గంట విలువ ఎనిమిదో వంతు కంటే ఎక్కువే పడిపోతుంది. సెలవు రోజుల్ని కూడా పనిరోజుల్లా పంచేశారన్నమాట. ఏ భాగహారం వాడాలన్నది ఆయా చోటి చట్టమో ఒప్పందమో చెప్పాలి, స్లిప్పు చూడగానే తెలీదు. అందుకే అడగాల్సిన మొదటి కాగితం పంచింగ్‌ది, రెండోది ఈ గంట రేటు ఎలా కట్టారన్నది.

వసుధ_క

ఇన్ని వచ్చాయి, సంతోషం. ముగింపు సంగతి ఎవరూ మాట్లాడలేదే? అంత కష్టపడి రాసిందే ఆ చివరి వాక్యం.

కౌంటర్ పద్మ

నేను మాట్లాడతాను, కానీ మీకు నచ్చదు. చదవడానికి చప్పట్లు కొట్టించే ముగింపు. కానీ ఓనరు స్థానంలో నేనుంటే, "సరే, శనివారం నేను ఆగమన్నాను, గంటంబావు ఇస్తాను. మిగతా రోజులు?" అంటాను. సోమ, మంగళ, గురువారాల్లో ఎవరూ ఆగమని అనలేదుగా. బట్టలు మడతపెట్టుకుంటూ తనే ఉండిపోయాడు. ముందుగా అడగకుండా ఓటీ చేయొద్దని మా షాపులో రూలుంది.

పాతగుమాస్తా

రూలు ఉండొచ్చు. కానీ కుప్పగా పడిన బట్టలు అలాగే వదిలేసి 7:00కి వెళ్ళిపోతే మర్నాడు మీరేమంటారు?

కౌంటర్ పద్మ

తిడతాను. నిజం ఒప్పుకోవాలి కదా.

పాతగుమాస్తా

అదే నా జవాబు. పని ఉందని తెలిసి, చేస్తుంటే కళ్ళముందే చూసి, ఆపకుండా ఊరుకుంటే చాలాచోట్ల అది చేయించుకున్నట్టే లెక్క. వద్దని చెప్పి, చేస్తే పంపించేయాలి. అంతేగాని పని తీసుకుని డబ్బు వద్దనడం కుదరదు.

కౌంటర్ పద్మ

ఓనరు కళ్ళముందే అన్నారు. ఓనరు ఆరింటికే వెళ్ళిపోయి ఉంటే? సూపర్‌వైజర్ చూశాడా, అతనికి ఆ అధికారం ఉందా? ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. మేము ప్రతి షట్టర్ వెనకా నిలబడలేం.

లెక్కల రాయుడు

పంచింగ్ మెషీన్ నిలబడింది కదా. 7:20 అని రోజూ పడుతుంటే నాలుగు వారాలు ఎవరూ చూడలేదంటే ఎలా?

పాతగుమాస్తా

రాయుడు గారూ, ఈసారి పూర్తిగా నిజం.

స్టాక్‌రూమ్ శీను

మరి మురళికి డబ్బులు వచ్చాయా రాలేదా? అది చెప్పండి ముందు.

వసుధ_క

శీను గారూ, నాకే తెలీదు. పద్మ గారి మాటతో ముగింపు మారుస్తున్నాను. శనివారం వరస చదివాక ఓనరు "మిగతా రోజులు?" అంటాడు. మురళి దగ్గర సోమవారానికి "ఎందుకు" గడిలో "మడతలు" అని ఒక్క మాటే ఉంటుంది. దాని మీద అకౌంటెంటూ ఓనరూ ఏమంటారో రాయాలి. పంక్చర్ వరస కూడా పెడుతున్నాను, గురువారానికి.

నిశి

పాతగుమాస్తా గారూ, నేను ఇవాళ్టి నుంచి రాయడం మొదలుపెడతాను. పాత రాత్రులు గుర్తున్నంత వరకు రాసుకోవచ్చా, లేక అది పద్మ గారు చెప్పిన ఒక్క రాత్రి పుస్తకం అయిపోతుందా?

పాతగుమాస్తా

రాసుకోవచ్చు, కానీ వేరే కాగితం మీద. పైన "గుర్తున్నది, ఫలానా తేదీన రాశాను" అని పెట్టండి. ఇవాళ్టి నుంచి రాసేదాంట్లో కలపకండి. స్టాక్ దించాక డ్రైవర్ దగ్గర సంతకం పెట్టే కాగితం ఒకటి ఉంటుంది కదా, దాని మీద టైము వేస్తారా?

నిశి

వేస్తారండీ. ఆ కాపీలు ఫైల్లోనే ఉంటాయి.

కౌంటర్ పద్మ

అయితే మీకు పాత రాత్రులు గుర్తుండాల్సిన పని కూడా లేదమ్మా. షాపు మూసిన టైము చివరి బిల్లు చెప్తుంది, బండి వచ్చిన టైము ఆ కాపీ చెప్తుంది. ముందు అవి తేదీల వారీగా చూసుకోండి.